తులనాత్మక ప్రయోజనం

తులనాత్మక ప్రయోజనం అనేది అంతర్జాతీయ వ్యాపారం ఎందుకు జరుగుతుందో, దాని వలన లాభం ఎలా కలుగుతుందో వివరించే అర్థశాస్త్ర సూత్రము. ఒక దేశం మరొక దేశం కంటే అన్ని వస్తువులనూ తక్కువ శ్రమతో తయారు చేయగలిగినప్పటికీ, ఆ రెండు దేశాలూ పరస్పరం వ్యాపారం చేసుకుని లాభం పొందవచ్చునని ఈ సూత్రం చెబుతుంది. ఒక వస్తువును తయారు చేయడానికి వదులుకోవలసిన రెండవ వస్తువు పరిమాణం ఏ దేశంలో తక్కువగా ఉంటుందో, ఆ దేశానికి ఆ వస్తువులో తులనాత్మక ప్రయోజనం ఉన్నదని అంటారు. పాఠ్యపుస్తకాలలో దీనిని తులనాత్మక వ్యయ సిద్ధాంతం అని కూడా వ్యవహరిస్తారు. ఈ సూత్రాన్ని ఇంగ్లాండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో (1772–1823) రెండు దేశాలు, రెండు వస్తువుల ఉదాహరణతో ప్రసిద్ధం చేశాడు.

## నేపథ్యం

రికార్డో కంటే ముందు ఆడం స్మిత్ 1776లో వెలువరించిన తన గ్రంథంలో స్వేచ్ఛా వ్యాపారాన్ని సమర్థించాడు. బయట కొంటే తక్కువకు దొరికే వస్తువును తెలివైన గృహస్థు ఇంట్లో తయారు చేసుకోడని, దేశాల విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుందని స్మిత్ వాదించాడు. ఒక వస్తువును ఒక దేశం, రెండవ వస్తువును ఇంకొక దేశం చౌకగా తయారు చేయగలిగితే ఎవరి వస్తువును వారు తయారు చేసి మార్చుకోవడం ఇద్దరికీ మేలు. దీనిని నిరపేక్ష ప్రయోజనం అంటారు.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోయింది. రెండు వస్తువులనూ ఒకే దేశం చౌకగా తయారు చేయగలిగితే ఏమవుతుంది? వెనుకబడిన దేశం అమ్మడానికి ఏమీ ఉండదా? ముందున్న దేశానికి కొనవలసిన అవసరమే ఉండదా? 1815లో రాబర్ట్ టారెన్స్ ధాన్య వ్యాపారంపై రాసిన పుస్తకంలో ఈ ప్రశ్నకు సమాధానం సమీపానికి వచ్చాడు. రికార్డో 1817లో ప్రచురించిన రాజకీయ అర్థశాస్త్ర, పన్నుల సూత్రాల గ్రంథం ఏడవ అధ్యాయంలో అంకెలతో సహా సమాధానం ఇచ్చాడు.

## రికార్డో ఉదాహరణ

రికార్డో ఇంగ్లాండు, పోర్చుగల్ దేశాలను, వస్త్రం, ద్రాక్షసారా అనే రెండు వస్తువులను తీసుకున్నాడు. ఉత్పత్తికి కావలసినది శ్రమ ఒక్కటే అనుకుందాము. ఒక్కొక్క వస్తువును ఒక యూనిట్ తయారు చేయడానికి ఒక సంవత్సరం పాటు ఎంతమంది మనుషులు పని చేయాలో ఈ క్రింది పట్టిక తెలుపుతుంది.

| దేశం | 1 యూనిట్ వస్త్రం | 1 యూనిట్ ద్రాక్షసారా |
|---|---|---|
| ఇంగ్లాండు | 100 మంది | 120 మంది |
| పోర్చుగల్ | 90 మంది | 80 మంది |

పోర్చుగల్ రెండు వస్తువులలోనూ ముందున్నదని గమనించవచ్చును. వస్త్రానికి ఇంగ్లాండు 100 మందిని వినియోగిస్తే పోర్చుగల్‌కు 90 మంది చాలు. ద్రాక్షసారాకు ఇంగ్లాండు 120 మందిని వినియోగిస్తే పోర్చుగల్‌కు 80 మందే చాలు. స్మిత్ చెప్పిన న్యాయాన్ని మాత్రమే అనుసరిస్తే పోర్చుగల్ ఇంగ్లాండు నుండి ఏమీ కొనకూడదు. కాని పోర్చుగల్ ద్రాక్షసారాను ఎగుమతి చేసి, తాను తక్కువ శ్రమతో నేయగల వస్త్రాన్నే ఇంగ్లాండు నుండి దిగుమతి చేసుకోవడం లాభకరమని రికార్డో చూపించాడు.

## పట్టికను ఏ దిశలో చదవాలి

విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. పట్టికలో ఒక వస్తువు క్రింద ఉన్న రెండు అంకెలను, అనగా 100ను 90తో, 120ను 80తో పోల్చితే తెలిసేది నిరపేక్ష ప్రయోజనం మాత్రమే. తులనాత్మక ప్రయోజనం తెలియాలంటే ఒక దేశానికి ఎదురుగా ఉన్న రెండు అంకెలను ఒకదానితో ఒకటి పోల్చి, ఆ నిష్పత్తిని రెండవ దేశపు నిష్పత్తితో పోల్చాలి.

ఇంగ్లాండు ఒక యూనిట్ ద్రాక్షసారా తయారు చేయాలంటే 120 మందిని అందులో పెట్టాలి. ఆ 120 మంది మగ్గాల దగ్గర ఉండి ఉంటే 120/100, అనగా 1.2 యూనిట్ల వస్త్రం నేసి ఉండేవారు. కనుక ఇంగ్లాండులో ఒక యూనిట్ ద్రాక్షసారా అసలు ఖరీదు 1.2 యూనిట్ల వస్త్రం. దీనినే అవకాశ వ్యయం అంటారు. పోర్చుగల్‌లో ద్రాక్షసారాకు పట్టే 80 మంది మగ్గాల దగ్గర ఉంటే 80/90, అనగా సుమారు 0.89 యూనిట్ల వస్త్రం నేయగలరు. పోర్చుగల్‌లో ఒక యూనిట్ ద్రాక్షసారా ఖరీదు అంతే.

వదులుకోవలసిన వస్త్రం పోర్చుగల్‌లో తక్కువ కాబట్టి ద్రాక్షసారాలో తులనాత్మక ప్రయోజనం పోర్చుగల్‌దే. ఇదే లెక్కను తిరగవేస్తే, ఒక యూనిట్ వస్త్రం కోసం ఇంగ్లాండు 100/120, అనగా 0.83 యూనిట్ల ద్రాక్షసారాను వదులుకుంటుంది. పోర్చుగల్ 90/80, అనగా 1.125 యూనిట్లను వదులుకుంటుంది. కనుక వస్త్రంలో తులనాత్మక ప్రయోజనం ఇంగ్లాండుది. ఒక దేశానికి ద్రాక్షసారా చౌక అయితే, ఆ కారణం చేతనే వస్త్రం ప్రియం అవుతుంది. అందువలన రెండు వస్తువులలోనూ ఒకే దేశానికి నిరపేక్ష ప్రయోజనం ఉండవచ్చును గాని, రెండింటిలోనూ ఒకే దేశానికి తులనాత్మక ప్రయోజనం ఉండడం అసాధ్యం.

రికార్డో ఇదే సంగతిని తన గ్రంథంలో ఒక పాదసూచికలో మరింత సులువుగా చెప్పాడు. ఇద్దరు పనివారిలో ఒకడు టోపీలలోను, బూట్లలోను కూడా రెండవవాని కంటే నేర్పరి. అయితే టోపీలలో అతని ఆధిక్యం ఐదవ వంతు, బూట్లలో మూడవ వంతు. అప్పుడు నేర్పరి బూట్లు మాత్రమే కుట్టి, రెండవవాడు టోపీలు మాత్రమే చేయడం ఇద్దరికీ మేలు కాదా అని రికార్డో ప్రశ్న. పై ఉదాహరణలో పోర్చుగల్ స్థితి ఆ నేర్పరి స్థితి వంటిదే. వస్త్రంలో దాని శ్రమ ఇంగ్లాండు కంటే పదవ వంతు తక్కువ, ద్రాక్షసారాలో మూడవ వంతు తక్కువ.

## వాణిజ్య లాభం లెక్క

వ్యాపారానికి ముందు ప్రతి దేశం తనకు కావలసిన ఒక యూనిట్ వస్త్రాన్ని, ఒక యూనిట్ ద్రాక్షసారాను తానే తయారు చేసుకుంటున్నదని అనుకుందాము. ఇంగ్లాండులో 100, 120 కలిపి 220 మంది, పోర్చుగల్‌లో 90, 80 కలిపి 170 మంది పనిలో ఉన్నారు. రెండు దేశాలలో కలిపి 2 యూనిట్ల వస్త్రం, 2 యూనిట్ల ద్రాక్షసారా ఉన్నాయి.

ఇప్పుడు ఇంగ్లాండు తన 220 మందినీ మగ్గాలకు పంపిందనుకుందాము. 220/100, అనగా 2.2 యూనిట్ల వస్త్రం వస్తుంది. పోర్చుగల్ తన 170 మందినీ ద్రాక్షతోటలకు పంపితే 170/80, అనగా 2.125 యూనిట్ల ద్రాక్షసారా వస్తుంది. మనుషుల సంఖ్య పెరగలేదు, ఎవరి నేర్పూ పెరగలేదు. అయినా మొత్తం మీద 0.2 యూనిట్ల వస్త్రం, 0.125 యూనిట్ల ద్రాక్షసారా అదనంగా వచ్చాయి.

ఒక యూనిట్ వస్త్రానికి ఒక యూనిట్ ద్రాక్షసారా చొప్పున మార్చుకుంటే ఫలితం ఇలా ఉంటుంది.

| దేశం | వ్యాపారానికి ముందు వినియోగం | వ్యాపారం తరువాత వినియోగం |
|---|---|---|
| ఇంగ్లాండు | 1 వస్త్రం, 1 ద్రాక్షసారా | 1.2 వస్త్రం, 1 ద్రాక్షసారా |
| పోర్చుగల్ | 1 వస్త్రం, 1 ద్రాక్షసారా | 1 వస్త్రం, 1.125 ద్రాక్షసారా |

ఇదే లాభాన్ని శ్రమ ఆదాగా కూడా చెప్పవచ్చును. ఇంగ్లాండు 120 మందితో తయారు చేయవలసిన ద్రాక్షసారాను 100 మంది నేసిన వస్త్రంతో సంపాదిస్తున్నది. కనుక 20 మంది శ్రమ మిగిలింది. పోర్చుగల్ 90 మందితో నేయవలసిన వస్త్రాన్ని 80 మంది చేసిన ద్రాక్షసారాతో సంపాదిస్తున్నది. కనుక 10 మంది శ్రమ మిగిలింది.

ప్రత్యేకీకరణ ఏదో ఒక దిశలో జరిగితే చాలదు. ఇంగ్లాండు ద్రాక్షసారాను, పోర్చుగల్ వస్త్రాన్ని చేపట్టాయనుకుంటే 220/120, అనగా 1.83 యూనిట్ల ద్రాక్షసారా, 170/90, అనగా 1.89 యూనిట్ల వస్త్రం మాత్రమే వస్తాయి. రెండు వస్తువులూ మునుపటి 2 యూనిట్ల కంటే తగ్గిపోతాయి. లాభం పని విభజన వలన మాత్రమే కాక, ఆ విభజన అవకాశ వ్యయాలను అనుసరించడం వలన కలుగుతుంది.

## లాభం పంపకం

పై లెక్కలో ఒకటికి ఒకటి అనే మారకపు రేటును అనుకున్నాము. అది ఒక్కటే సాధ్యమైన రేటు కాదు. ఒక యూనిట్ ద్రాక్షసారా కోసం ఇంగ్లాండు గరిష్ఠంగా 1.2 యూనిట్ల వస్త్రం ఇస్తుంది. అంతకంటే ఎక్కువ అడిగితే తానే ద్రాక్షసారా తయారు చేసుకుంటుంది. పోర్చుగల్ కనీసం 0.89 యూనిట్ల వస్త్రం అడుగుతుంది. అంతకంటే తక్కువ వస్తే తానే వస్త్రం నేసుకుంటుంది. ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడ మారకం జరిగినా ఇద్దరికీ లాభమే. ఈ మారకపు నిష్పత్తిని వర్తక నిబంధనలు అంటారు.

ఉదాహరణకు ఒక యూనిట్ ద్రాక్షసారాకు 1.1 యూనిట్ల వస్త్రం ధర పలికితే, ఇంగ్లాండుకు 1.1 వస్త్రం, 1 ద్రాక్షసారా మిగులుతాయి. పోర్చుగల్‌కు 1.1 వస్త్రం, 1.125 ద్రాక్షసారా దక్కుతాయి. మొత్తం అదనపు ఉత్పత్తి అంతే ఉన్నా ఇంగ్లాండు వాటా తగ్గి పోర్చుగల్ వాటా పెరిగింది. ధర 1.2 వద్దకు చేరితే ఇంగ్లాండుకు ఏమీ మిగలదు, లాభమంతా పోర్చుగల్‌దే. రేటు తన స్వదేశీ ఖరీదుకు ఎంత దూరంగా ఉంటే ఆ దేశానికి అంత లాభం.

హద్దుల మధ్య రేటు ఎక్కడ నిలుస్తుందో రికార్డో చెప్పలేదు. ఒక దేశపు వస్తువును రెండవ దేశం ఎంత గట్టిగా కోరుకుంటున్నదో దానిని బట్టి రేటు నిర్ణయమవుతుందని తరువాత జాన్ స్టూవర్ట్ మిల్ వివరించాడు. ఎదుటివారి వస్తువును ఎక్కువగా కోరుకునే దేశం ఎక్కువ ధర చెల్లిస్తుంది. ఉభయులకూ లాభం ఉన్నదని చెప్పే సూత్రం, ఆ లాభం సమానంగా ఉంటుందని చెప్పదు.

## వేతనాలు, ధరలు

వర్తకులు అవకాశ వ్యయాలను లెక్క వేసుకుని సరుకు కొనరు. వారు చూసేది ధర. రెండు వస్తువులూ పోర్చుగల్‌లో తక్కువ శ్రమతో తయారవుతుంటే, అక్కడి వర్తకుడు ఇంగ్లాండు వస్త్రాన్ని ఎందుకు కొంటాడు అనే సందేహం సహజమే.

రెండు దేశాలలోనూ ఒక మనిషి వార్షిక వేతనం 10 నాణేలు అనుకుందాము. అప్పుడు ఇంగ్లాండులో వస్త్రం 1000, ద్రాక్షసారా 1200 నాణేలు. పోర్చుగల్‌లో వస్త్రం 900, ద్రాక్షసారా 800 నాణేలు. అందరూ రెండు వస్తువులనూ పోర్చుగల్‌లోనే కొంటారు. ఇంగ్లాండు సరుకును ఎవరూ కొనరు కనుక చెల్లింపు కోసం ఇంగ్లాండు బంగారం పోర్చుగల్‌కు తరలిపోతుంది. బంగారం చేరిన పోర్చుగల్‌లో వేతనాలు, ధరలు పెరుగుతాయి. బంగారం తరిగిన ఇంగ్లాండులో అవి పడిపోతాయి. అందువలన మొదటి స్థితి ఎక్కువ కాలం నిలువదు.

పోర్చుగల్ వేతనం 12.5 నాణేలకు చేరి, ఇంగ్లాండు వేతనం 10 నాణేలుగా ఉన్నప్పుడు ధరలు ఇలా మారుతాయి.

| దేశం | వేతనం | వస్త్రం ధర | ద్రాక్షసారా ధర |
|---|---|---|---|
| ఇంగ్లాండు | 10 | 1000 | 1200 |
| పోర్చుగల్ | 12.5 | 1125 | 1000 |

ఇప్పుడు వస్త్రం ఇంగ్లాండులో, ద్రాక్షసారా పోర్చుగల్‌లో చౌక. వర్తకుడికి ఏ సిద్ధాంతమూ తెలియనవసరం లేదు. చౌకగా ఉన్న చోట కొని ప్రియంగా ఉన్న చోట అమ్మడంతోనే సరుకులు సరైన దిశలో సాగుతాయి. రెండు ఎగుమతి వస్తువుల ధర 1000 నాణేలే కాబట్టి ఒకటికి ఒకటి అనే రేటు కూడా ఇక్కడ దొరుకుతుంది.

ఇరువైపులా వ్యాపారం నిలవాలంటే పోర్చుగల్ వేతనం ఇంగ్లాండు వేతనానికి 1.11 రెట్ల కంటే ఎక్కువ, 1.5 రెట్ల కంటే తక్కువ ఉండాలి. ఈ హద్దులు 100/90, 120/80 అనే నిష్పత్తుల నుండి వచ్చినవి. అనగా నిరపేక్ష ప్రయోజనం వ్యర్థం కాదు. ఏ దేశంలో వేతనాలు ఎక్కువగా ఉంటాయో అది నిర్ణయిస్తుంది. ఏ దేశం ఏ వస్తువు అమ్ముతుందో నిర్ణయించేది తులనాత్మక ప్రయోజనం. తక్కువ వేతనాలు ఉన్న దేశంతో పోటీ పడలేమనే భయం, ఎక్కువ నేర్పు ఉన్న దేశంతో పోటీ పడలేమనే భయం రెండూ తరచుగా వినిపిస్తుంటాయి. వేతనం, ఉత్పాదకత కలిసి కదులుతాయనే విషయాన్ని ఈ రెండు భయాలూ విస్మరిస్తాయి.

## లాభం కలుగని సందర్భాలు

పోర్చుగల్‌లో ద్రాక్షసారాకు 80 మందికి బదులు 108 మంది కావాలనుకుందాము. అప్పటికీ పోర్చుగల్ రెండింటిలోనూ ముందే ఉన్నది. కాని 108/90 విలువ 1.2 మాత్రమే. ఇంగ్లాండు నిష్పత్తి కూడా 1.2. రెండు దేశాలలోనూ వస్తువుల పరస్పర ఖరీదు ఒకటే కావడం వలన మార్చుకోవడంలో ఎవరికీ లాభం ఉండదు. ఒక దేశం నేర్పరి, ఇంకొకటి కాదు అనే వ్యత్యాసం వ్యాపారానికి చాలదని ఈ సందర్భం తెలుపుతుంది.

రవాణా ఖర్చులు, సుంకాలు కూడా లాభాన్ని హరించవచ్చును. పై ధరల పట్టికలో పోర్చుగల్ ద్రాక్షసారా ఇంగ్లాండు ద్రాక్షసారా కంటే 200 నాణేలు చౌక. ఓడ కిరాయి, సుంకం కలిపి యూనిట్‌కు 200 నాణేలు దాటితే ఆ వ్యాపారం ఆగిపోతుంది.

## పని మారలేని శ్రామికులు

పై లెక్కలన్నింటిలో దాగి ఉన్న ఊహ ఒకటి ఉన్నది. ఇంగ్లాండులో ద్రాక్షసారా పనిలోని 120 మంది మరునాడే నేతగాళ్ళయ్యారని, పోర్చుగల్‌లోని 90 మంది నేతగాళ్ళు మరునాడే తోటమాలులయ్యారని అనుకున్నాము. వాస్తవంలో ఇది సులభం కాదు. నాటిన ద్రాక్షతీగ మంచి కాపుకు రావడానికే సుమారు మూడేళ్ళు పడుతుంది. నేతగాడికి చేతిలో ఉన్న విద్య తోటపనికి పనికిరాదు. తోటలు అతని ఊరిలో ఉండకపోవచ్చును.

పని కోల్పోయిన ఆ 90 మందిలో 80 మందికి మాత్రమే తోటలలో పని దొరికిందని లెక్క వేద్దాము. పోర్చుగల్‌లో 160 మంది కలిసి 2 యూనిట్ల ద్రాక్షసారా తయారు చేస్తారు. ఒకటి ఇచ్చి వస్త్రం తెచ్చుకుంటే 1 వస్త్రం, 1 ద్రాక్షసారా మిగులుతాయి. వ్యాపారానికి ముందు ఉన్నదీ అంతే. దేశం లాభం మొత్తం పోయింది, పైగా 10 మంది పని లేకుండా ఉన్నారు. 60 మందికి మాత్రమే పని దొరికితే ఉత్పత్తి 140/80, అనగా 1.75 యూనిట్లు. ఒక యూనిట్ ఎగుమతి చేసిన తరువాత దేశంలో 0.75 యూనిట్ల ద్రాక్షసారా మాత్రమే మిగులుతుంది. వ్యాపారం వలన దేశం నష్టపోయింది. ఒకటికి ఒకటి అనే రేటు వద్ద ఇంగ్లాండు హద్దును కూడా ఇదే విధంగా కనుగొనవచ్చును. అక్కడ 120 మందిలో కనీసం 100 మందికి మగ్గాల పని దొరికితేనే దేశం మునుపటి స్థితిలో ఉంటుంది.

అందరికీ పని దొరికినా దేశం మొత్తానికి కలిగే లాభం, అందులోని ప్రతి మనిషికీ కలిగే లాభం ఒకటి కావు. చౌకగా వచ్చిన వస్త్రం కొనేవారందరికీ కొద్దికొద్దిగా లాభం కలుగుతుంది. పాత మగ్గంపై ఆధారపడిన కుటుంబానికి మాత్రం నష్టం పెద్దదిగా, ఒక్కసారిగా కలుగుతుంది. లాభపడినవారు నష్టపడినవారికి పరిహారం ఇచ్చి కూడా కొంత మిగుల్చుకోగలరని మాత్రమే సూత్రం నిరూపిస్తుంది. పరిహారం నిజంగా ఇస్తారో లేదో సూత్రం చెప్పజాలదు.

## ఉదాహరణ వెనుక చరిత్ర

రికార్డో అంకెలు వివరణ కోసం కల్పించినవి. వాటిని ఆనాటి లెక్కలుగా భావించరాదు. అయితే రెండు దేశాల మధ్య ఈ వ్యాపారం నిజంగానే జరిగేది. 1703 డిసెంబరులో కుదిరిన మెథ్యూయెన్ ఒప్పందం ప్రకారం పోర్చుగల్ ఇంగ్లాండు ఉన్ని వస్త్రాలను అనుమతించింది. ప్రతిగా ఇంగ్లాండు పోర్చుగల్ ద్రాక్షసారాపై ఫ్రాన్సు ద్రాక్షసారా కంటే మూడవ వంతు తక్కువ సుంకం వేసింది. కనుక ఆ వ్యాపారం కేవలం శ్రమ వ్యయాల వలన ఏర్పడినది కాదు, అందులో రాజకీయ ఒప్పందం పాత్ర కూడా ఉన్నది. ఈ వ్యాపారం పోర్చుగల్ వస్త్ర పరిశ్రమ ఎదుగుదలను అడ్డుకున్నదని జోన్ రాబిన్సన్ వంటి ఆర్థికవేత్తలు విమర్శించారు. ఈనాటి తులనాత్మక ప్రయోజనం నేడు లాభం ఇస్తుంది గాని, రేపు ఏ పరిశ్రమలో నేర్పు పెరుగుతుందో లెక్కలోకి తీసుకోదు అనేది ఈ విమర్శ సారాంశం.

ఆ నాలుగు అంకెల అర్థం విషయంలో కూడా పరిశీలకులు ఒక సవరణ చేశారు. పాఠ్యపుస్తకాలలోను, పైన ఈ వ్యాసంలోను అవి ఒక్కొక్క యూనిట్‌కు పట్టే శ్రమగా తీసుకొనబడ్డాయి. రికార్డో ఉద్దేశంలో అవి వాస్తవంగా మార్చుకున్న మొత్తం వస్త్రానికి, మొత్తం ద్రాక్షసారాకు పట్టే శ్రమ అని రాయ్ రఫిన్ 2002లోను, ఆండ్రియా మానెస్చి 2004లోను వివరించారు. ఆ విధంగా చదివితే రేటు ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంగ్లాండుకు 20 మంది, పోర్చుగల్‌కు 10 మంది శ్రమ ఆదా అన్నదే రికార్డో చూపిన లాభం. ఒకటికి ఒకటి అనే రేటు వద్ద రెండు పఠనాలూ ఒకే ఫలితాన్ని ఇస్తాయి.

## పరిమితులు

ఈ ఉదాహరణ శ్రమ ఒక్కటే ఉత్పత్తి కారకమని, ఉత్పత్తి ఎంత పెరిగినా యూనిట్ వ్యయం మారదని అనుకుంటుంది. నిజానికి ద్రాక్షతోటలు విస్తరించిన కొద్దీ అంతగా పనికిరాని నేలను కూడా సాగు చేయవలసి వస్తుంది, వ్యయం పెరుగుతుంది. అందువలన దేశాలు సాధారణంగా ఒకే వస్తువుకు పూర్తిగా పరిమితం కావు. అవకాశ వ్యయం అనే భావనతో ఈ సూత్రాన్ని తిరిగి నిర్మించిన గాట్‌ఫ్రిడ్ హేబర్లర్ 1930లలో దానిని శ్రమ విలువ సిద్ధాంతం నుండి వేరు చేశాడు.

అన్నింటికంటే ముఖ్యమైన పరిమితిని రికార్డో తానే గుర్తించాడు. పెట్టుబడి, శ్రామికులు దేశం దాటి స్వేచ్ఛగా వెళ్ళగలిగితే రెండు వస్తువులనూ పోర్చుగల్‌లోనే తయారు చేయడం లాభకరమని, ఇంగ్లాండు పెట్టుబడి, శ్రామికులు అక్కడికే తరలిపోతారని అతడు రాశాడు. ఒకే దేశంలోని రెండు ప్రాంతాల మధ్య అదే జరుగుతుంది. ఇంగ్లాండులో 100 మంది శ్రమ పోర్చుగల్‌లో 80 మంది శ్రమతో మారకం కావడం సాధ్యమైనది పెట్టుబడిదారులు స్వదేశాన్ని వదిలి వెళ్ళడానికి ఇష్టపడకపోవడం వలననే. పెట్టుబడి దేశాల మధ్య తేలికగా కదులుతున్న కాలంలో సూత్రాన్ని అన్వయించేటప్పుడు ఈ షరతును మరువరాదు.

## ఆచరణలో పరీక్ష

సూత్రం నిజమో కాదో పరీక్షించడానికి బ్రిటిష్ ఆర్థికవేత్త జి. డి. ఎ. మెక్‌డూగల్ 1951లో అమెరికా, బ్రిటన్ దేశాల 1937 నాటి ఎగుమతులను పరిశీలించాడు. అప్పుడు అమెరికా పారిశ్రామిక వేతనాలు బ్రిటన్ కంటే సుమారు రెట్టింపు. కనుక అమెరికా శ్రామికుని ఉత్పాదకత బ్రిటన్ శ్రామికుని కంటే రెట్టింపునకు పైగా ఉన్న వస్తువులలో అమెరికా ఎగుమతులు, రెట్టింపు కంటే తక్కువగా ఉన్న వస్తువులలో బ్రిటన్ ఎగుమతులు ఎక్కువగా ఉండాలి. ఎక్కువ వస్తువుల విషయంలో అలాగే జరిగింది. ఉత్పాదకతలో వెనుకబడి కూడా బ్రిటన్ మూడవ దేశాల విపణులలో అమెరికా కంటే ఎక్కువగా అమ్మగలిగిన వస్తువులు ఉండడం, పట్టికలోని ఇంగ్లాండు వస్త్రం సంగతిని గుర్తుకు తెస్తుంది.

## ఇవి కూడా చూడండి

* డేవిడ్ రికార్డో
* ఆడం స్మిత్
* అవకాశ వ్యయం
* వర్తక నిబంధనలు
* అంతర్జాతీయ వ్యాపారం